మెడ, మేడ ఒకటి కావు

హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండో తరగతి పాఠ్య ప్రణాళికను నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. హ్రస్వాలూ దీర్ఘాలూ నేర్పడానికి ఒక పాట, ఒక బొమ్మ పెట్టుకున్నావు. బాగుంది. కానీ ‘అభ్యసన ఫలితం’ గడిలో రెండింటికీ కలిపి ‘పిల్లలు ఆనందంగా పాల్గొంటారు’ అని రాశావు. పాల్గొంటారు, అందులో నాకు అనుమానం లేదు. అయితే పీరియడ్ ముగిశాక నలభై మందిలో ఎవరికి ఏమి వచ్చిందో ఆ వాక్యం పట్టుకుని చెప్పగలవా? 2017లో ఎన్‌సీఈఆర్‌టీ తరగతుల వారీగా అభ్యసన ఫలితాలు ప్రకటించినప్పటి నుంచి ఈ గడి నింపడం అందరికీ అలవాటైంది. నింపినదాన్ని సరిచూసుకోవడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

ఆ వాక్యం కొట్టేసి రెండు రాసుకో. పాటకు: ‘విన్న పదంలో మొదటి అక్షరం పొట్టిదో పొడుగుదో చేతులతో చూపగలరు.’ బొమ్మకు: ‘తాము గీసిన బొమ్మ కింద ఆ పదాన్ని సరైన గుణింతపు గుర్తుతో రాయగలరు.’ మొదటిది చెవి పని, రెండోది చేతి పని. వీటిని కలిపేస్తే పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో నీకు తెలియదు.

మీ బడిలో సగం మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారన్నావు. ఇది చిన్న విషయం కాదు. అ–ఆ తేడా ఆ పిల్లల చెవికి ఇంటి దగ్గరే అలవాటు. ఎ–ఏ, ఒ–ఓ తేడా అలా కాదు. ఉర్దూలో, హిందీలో వీటి నిడివి మారినంత మాత్రాన పదానికి అర్థం మారదు. అందుకే ‘పడు–పాడు’ దగ్గర చకచకా చెప్పిన పిల్ల ‘మెడ–మేడ’ దగ్గర తెల్లముఖం వేస్తుంది. దాన్ని మొద్దుతనం అనుకోవద్దు. అ–ఆ మొదటి రోజే ముగించి, మిగతా రోజులు ఎ–ఏకి ఇవ్వు. మెడ–మేడ, నెల–నేల చాలు. నాలుగూ బొమ్మ గీయదగిన పదాలే.

ఇక పాట. నువ్వు ఎంచుకున్న పాట వద్దు, అందులో రాగం ఎక్కువ. నేను కొత్తలో హార్మోనియం పట్టుకుని తరగతికి వెళ్లేదాన్ని. పిల్లలు ‘దండ’ అన్న మాటను చరణం చివర ‘దండా...’ అని సాగదీసి పాడారు. మర్నాడు డిక్టేషన్‌లో సగం పలకల మీద ‘దండా’ అనే ఉంది. తప్పు వాళ్లది కాదు, నేను పాడించినట్టే రాశారు. రాగం హ్రస్వాన్ని కూడా సాగదీస్తుంది. నిడివి నేర్పే రోజున రాగం పక్కన పెట్టి లయ ఒక్కటే ఉంచుకో. నేనిప్పుడే కట్టిన రెండు పాదాలు పంపుతున్నాను, కవిత్వం వెతకకు:

మెడలో దండ, మేడపై జెండా
నెల మారింది, నేల తడిసింది

హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు మాత్రలు. నువ్వు బల్ల మీద స్కేలుతో నిదానంగా, ఒకే వేగంతో కొడుతూ ఉండు. ‘మె’కు పిల్లలు ఒక్క చప్పట్టు కొడతారు. ‘మే’కు చప్పట్టు కొట్టి, రెండో దెబ్బ పడేవరకు చేతులు విడదీయకుండా పట్టి ఉంచుతారు. చప్పట్టు మొదటి అక్షరానికే, మిగతా మాటలు ఊరికే పలకడమే. వేగం పెరిగితే తేడా మాయమవుతుంది. పెంచమని పిల్లలు అడుగుతారు, పెంచకు.

ఇంకో చోట నేను బోర్లా పడ్డాను. ఉత్సాహం కొద్దీ ‘కప్ప’కూ చప్పట్లు కొట్టించాను. ద్విత్వానికి ముందున్న ‘క’ కూడా లెక్కకు రెండు మాత్రలే, ఛందస్సులో గురువే. పిల్లల చేతులు కలిసి నిలిచిపోయాయి, కొందరు ‘కాప’ అని రాశారు. చెవి సరిగ్గానే విన్నది, నేనే తప్పు పదం ఇచ్చాను. ఒత్తులూ సున్నలూ ఉన్న పదాలకు ఈ వారం చప్పట్లు వద్దు.

పది నిమిషాలయ్యాక కళ్లు మూసుకోమను. ఆరు పదాలు ఒక్కొక్కటిగా చెప్పు. పొట్టిదైతే పిడికిలి, పొడుగైతే చాచిన చేతులు. కళ్లు తెరిచి ఉంటే పక్కవాణ్ణి చూసి చేతులు చాస్తారు. గుడ్డిగా ఊహించినవాడికి కూడా దాదాపు మూడు సరిపోతాయి కనుక, అయిదు సరిగ్గా చూపినవాళ్లనే వచ్చినట్టు లెక్కపెట్టు. ఒక్కసారికి ఒక వరుసనే చూడు, నలభై మందిని ఒకేసారి చూడటం ఎవరి వల్లా కాదు.

బొమ్మకు ముందు ఒక్క మాట. నగరపు పిల్లలకు ‘బిల్డింగ్’ తెలుసు, ‘మేడ’ తెలియకపోవచ్చు. కిటికీలోంచి ఎదురింటిని చూపించి, అదే మేడ అని చెప్పు. ఆ తర్వాత కాగితాన్ని మధ్యకు మడిపించు. ఎడమ సగంలో మెడ, కుడి సగంలో మేడ. పెన్సిల్ ఒక్కటే, ఎనిమిది నిమిషాలు. క్రేయాన్లు డబ్బాలోంచి బయటకు వచ్చాయంటే పీరియడంతా గోడలకు రంగులు వేయడంతోనే గడిచిపోతుంది. రంగులు ఇంటి దగ్గర వేసుకోవచ్చు. బొమ్మ అందానికి మార్కులు వేయకు, చిత్రలేఖనం పీరియడ్ దానికి వేరే ఉంది. గీశాక ప్రతి బొమ్మ కిందా పదం వాళ్లే రాయాలి. ఆ సమయంలో బోర్డు మీద ఆ పదాలు ఉండకూడదు. ఉంటే చూసి రాస్తారు, నీకేమీ తెలియదు.

అసలు సంగతి కాగితాలు నీ చేతికి వచ్చాక మొదలవుతుంది. నేను చివరి ఏడాది చెప్పిన తరగతిలో ఒక పాప రెండు సగాల్లోనూ మేడే గీసింది, కిటికీలతో సహా ముచ్చటగా. ఆమె పక్కన కూర్చున్న అబ్బాయి ఒకవైపు గొలుసు వేసిన మెడ, ఇంకోవైపు మేడ గీసి, రెండింటి కిందా ‘మెడ’ అనే రాశాడు. డిక్టేషన్ మాత్రమే పెట్టి ఉంటే ఇద్దరి తప్పూ ఒక్కలాగే కనబడేది. బొమ్మ వాళ్లను విడదీసి చూపింది. పాపను పిలిచి ‘నీ మెడ చూపించు’ అన్నాను, వెంటనే గొంతు మీద చెయ్యి పెట్టింది. అంటే పదం తెలుసు, నిడివి వినబడటం లేదు. ఆమెను మళ్లీ చప్పట్ల దగ్గరికి తీసుకువెళ్లాను. అబ్బాయి చెవి బాగానే ఉంది, ఏత్వం చేతికి రాలేదు. అతనితో ఎత్వం, ఏత్వం పక్కపక్కనే ఇసుకలో దిద్దించాను. కొస పైకి తిరిగే చోట వేలు ఆపి ‘ఏ...’ అనమన్నాను. మూడో రోజుకు రాశాడు. పాపకు మాత్రం రెండు వారాలు పట్టింది, ఒ–ఓ దగ్గర మళ్లీ మొదటికి వచ్చింది కూడా. మెడ చూపమంటే బిక్కముఖం వేసేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు లోపించింది పదమే.

కాబట్టి నీ కాగితాలను మార్కుల వరుసలో పేర్చకు. చెవికి రానివి ఒక కుప్ప, చేతికి రానివి ఒకటి, పదం తెలియనివి ఒకటి. అన్నీ సరిగ్గా ఉన్నవి పిల్లలకు తిరిగి ఇచ్చెయ్యి, రంగులు వేసుకుంటారు.

ఆదివారం మెహదీపట్నం వచ్చినప్పుడు ఆ మూడు కుప్పలూ రబ్బరు బ్యాండ్లు వేసి తీసుకురా. మధ్యాహ్నం భోజనమయ్యాక కూర్చుని చూద్దాం. చెవి కుప్ప పెద్దదైతే సోమవారం బొమ్మ ఊసే వద్దు, చప్పట్లే.

మీ పెద్దమ్మ