నెలకు 280 డాలర్లు అంటే ఎన్ని గంటలకు?

ప్రశ్న: అన్నా, నాది ప్రొద్దుటూరు, బీకాం అయింది. డల్లాస్‌లో ఇళ్లు క్లీన్ చేసే చిన్న కంపెనీ ఒకటి వర్చువల్ అసిస్టెంట్‌గా చేరమంటోంది. వారానికి 10 గంటలు, నెలకు 280 డాలర్లు రిటైనర్ అంట. ఒప్పుకోవచ్చా? రాత్రంతా మేలుకోవాల్నా?

ఒప్పుకో తమ్ముడూ, కానీ ఆ ‘వారానికి’ అన్న మాట తీయించి ఒప్పుకో. గంటకు 7 డాలర్లు, నాలుగు వారాలకు 40 గంటలు అని వాళ్లు లెక్క వేసినట్టుంది. ఏడాదికి ఉండేది 52 వారాలు. వారానికి పది చొప్పున 520 గంటలు పని చేస్తావు, డబ్బు మాత్రం 480 గంటలకే వస్తుంది. ఒక నెల పని ఊరికే పోయినట్టే. ‘నెలకు 40 గంటలు’ అని రాయించు. వారం లెక్కే కావాలంటే 520ని పన్నెండు నెలలకు పంచితే నెలకు సుమారు 43 గంటలు, వాటికి 301 డాలర్లు అడుగు.

రిటైనర్ అంటే నీ గంటలు వాళ్ల కోసం పక్కన పెట్టినందుకు ఇచ్చే డబ్బు. అందుకే అది ముందుగానే రావాల. 25వ తేదీన బిల్లు పంపు, ఒకటో తేదీ లోపల డబ్బు పడినాకే కొత్త నెల పని మొదలుపెట్టు. వాడుకోని గంటల గురించి మొదటి రోజే తేల్చుకో. డిసెంబరులో బుకింగులు తగ్గి 25 గంటలే వాడారనుకో, మిగిలిన 15 జనవరిలో కలిపితే 55 గంటలు నీ నెత్తిన పడతాయి. ఐదు గంటల వరకే తర్వాతి నెలకు పోతాయి, ఆ నెల దాటితే చెల్లవు అని ఒప్పందంలో ఉండాల. 32 గంటలు కాగానే ‘ఇంక ఎనిమిదే ఉన్నాయి’ అని మెయిల్ పెట్టు. 40 దాటితే గంటకు 8 డాలర్లు, అదీ వాళ్లు సరే అన్నాకే.

గంటలు కరిగిపోయేది పెద్ద పనుల దగ్గర కాదు. ఈ కంపెనీలో నీకు వచ్చేది ఇన్‌బాక్స్ చూడటం, బుకింగులు క్యాలెండర్‌లో ఎక్కించడం, ఇన్‌వాయిస్‌లు పంపడం, డబ్బు కట్టనివాళ్లకు గుర్తు చేయడం. ఇవన్నీ టైమర్ పెట్టుకుని చేస్తావు. ‘ఆమె అపాయింట్‌మెంట్ గురువారానికి మార్చు’ అని ఫోన్‌కు వచ్చే చిన్న మెసేజ్‌లు మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. రోజుకు నాలుగు వస్తే, ఒక్కోటి ఐదు నిమిషాలు పట్టినా, 22 పనిదినాల్లో ఏడు గంటలు దాటుతుంది. అట్లాంటివన్నీ ఒక షీట్‌లో రాసి పెట్టమను, రోజుకు రెండుసార్లు ఒకేపట్టున చేసి టైమర్‌లో ఎక్కించు.

ఇక రాత్రి సంగతి. ‘అమెరికా పని అంటే తెల్లవార్లూ కూర్చోవాల్సిందే’ అని కడపలో, కర్నూలులో కోర్సులు అమ్మేవాళ్లు చెప్పే మాట విని ఎంతమంది పిల్లలు ఆరోగ్యం పాడు చేసుకుంటున్నారో చూస్తే కడుపు మండుతుంది. ఫోన్లు ఎత్తే పని అయితే తప్పదు. ఈ పనికి మాత్రం రెండు గంటలు ఇద్దరూ మేలుకుని ఉంటే చాలు. డల్లాస్‌లో పొద్దున 8 నుంచి 10 వరకు అంటే ఎండాకాలం మనకు సాయంత్రం 6:30 నుంచి 8:30. ఆ వేళ యజమానితో మాట్లాడటం, ఆ రోజు మార్పులు చూసుకోవడం పెట్టుకో. మిగిలిన పని మన పొద్దున తొమ్మిదికి చెయ్యి. అప్పుడు అక్కడ ముందురోజు రాత్రి పదిన్నర. వాళ్లు లేచేసరికి ఇన్‌బాక్స్ శుభ్రంగా ఉంటుంది. దీన్నే నీ బలంగా చెప్పి బేరమాడు. అయితే ఆ వేళ కస్టమర్లకు మెసేజ్‌లు పోకూడదు, నిద్ర చెడగొట్టినారని తిడతారు. జవాబు రాసి, వాళ్ల పొద్దున ఎనిమిదికి పోయేలా షెడ్యూల్ చెయ్యి.

దెబ్బ తగిలేది ఏడాదికి రెండు ఆదివారాల్లో. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి జరుపుతారు. మనం జరపం. నవంబరు నుంచి నీ 6:30 కాస్తా 7:30 అవుతుంది. వారం వారం వచ్చే మీటింగును మన టైములో పెట్టుకుంటే, ఆ సోమవారం నువ్వు 6:30కే కూర్చుంటావు, అక్కడ ఇంకా ఏడే. మార్చిలో దీనికి తిరగబడి, వాళ్లు ఒక గంట ముందే వచ్చి ఎదురుచూస్తారు. అందుకే క్యాలెండర్‌లో ఆ మీటింగు టైమ్ జోన్ `America/Chicago` అని పెట్టు. డల్లాస్ దాని కిందికే వస్తుంది, మన టైము దానంతటదే మారుతుంది. రేపు లండన్ క్లయింట్ దొరికితే తేదీలు వేరే ఉంటాయి: అక్కడ మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం.

వాళ్ల అకౌంటెంట్ `W-9` అనే పన్ను ఫారం నింపమంటే నింపొద్దు, అది అమెరికా పన్ను కట్టేవాళ్లది. ఇక్కడ కూర్చుని సొంత పేరుతో పని చేసే నువ్వు ఇవ్వాల్సింది `W-8BEN`. సంతకం చేసిన ఏడాది పోయాక ఇంకో మూడేళ్ల ఆఖరు వరకు మామూలుగా అదే చెల్లుతుంది.