టికెట్ లేని ప్రయాణం: చార్జీ ఏ స్టేషన్ నుంచి లెక్కిస్తారు?

ప్రశ్న: రాజమండ్రిలో కౌంటర్ దగ్గర వరుస పెద్దగా ఉండటంతో టికెట్ లేకుండానే విజయవాడ వెళ్లే రైలెక్కాను. ఏలూరు దాటాక టీటీఈ వచ్చారు. రాజమండ్రిలోనే ఎక్కానని చెప్పినా వినకుండా విశాఖపట్నం నుంచి చార్జీ, దానిపై జరిమానా కట్టించుకున్నారు. ఇది చెల్లుతుందా? కట్టకపోతే జైలుకు పంపేవారా?

జవాబు: మీ నుంచి వసూలు చేసిన మొత్తానికి ఆధారం 1989 నాటి రైల్వే చట్టంలోని 138వ సెక్షన్. దాని ప్రకారం టికెట్ లేని ప్రయాణికుడు తాను ప్రయాణించిన దూరానికి సాధారణ చార్జీతో పాటు అదనపు రుసుము కూడా చెల్లించాలి. ఆ రుసుము చార్జీకి సమానంగా గాని, 250 రూపాయలు గాని, ఏది ఎక్కువైతే అది ఉంటుంది. చార్జీ 180 రూపాయలనుకుంటే రుసుము 250, మొత్తం 430 అవుతుంది. అదే చార్జీ 400 అయితే రుసుము కూడా 400 అయి, మొత్తం 800కు చేరుతుంది. కాబట్టి ఏ స్టేషన్ నుంచి లెక్కించారన్నదే ఇక్కడ అసలు విషయం.

ప్రయాణికుడు ఎక్కడ ఎక్కాడన్న విషయంలో సందేహం ఉన్నప్పుడు మాత్రమే, రైలు మొదట బయలుదేరిన స్టేషన్ నుంచి చార్జీ లెక్కించే అధికారాన్ని చట్టం ఇచ్చింది. అప్పుడు కూడా, దారిలో ఆ రైల్లో టికెట్లు తనిఖీ చేసి ఉంటే, చివరిసారి తనిఖీ జరిగిన చోటు నుంచే లెక్కించాలి. ఉదాహరణకు సామర్లకోట దగ్గర తనిఖీ పూర్తయి ఉంటే, విశాఖ నుంచి చార్జీ అడగడం చట్టానికి విరుద్ధం. అలాంటి తనిఖీ ఏదీ జరగకుండా, మీ మాట తప్ప వేరే ఆధారం లేకపోతే టీటీఈ చేసినది చెల్లుతుందనే చెప్పాలి. రాజమండ్రిలో కొన్న ప్లాట్‌ఫాం టికెట్టు, స్టేషన్ దుకాణంలో ఫోన్ ద్వారా చెల్లించిన సమయం కనిపించే రసీదు వంటివి మీ దగ్గర ఉంటే ఆ సందేహానికి తావుండదు. అయితే ప్లాట్‌ఫాం టికెట్టు ప్రయాణ హక్కును ఇవ్వదు, అదనపు రుసుమును తప్పించదు. ఎక్కిన చోటును మాత్రమే చూపుతుంది. రుసుము తప్పాలంటే, రైలెక్కే ముందే అధికారం ఉన్న రైల్వే ఉద్యోగి అనుమతి పొంది, ఆయన ఇచ్చే ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలి. 55వ సెక్షన్ ఈ అవకాశం కల్పిస్తున్నా, చాలామందికి దీని సంగతే తెలియదు.

మీరు కట్టనంటే టీటీఈ స్వయంగా శిక్ష వేయలేరు. విషయం మెజిస్ట్రేట్ ముందుకు వెళుతుంది. ఆ సొమ్మును జరిమానాలాగే వసూలు చేయిస్తారు, అప్పటికీ చెల్లించకపోతే 10 రోజులకు తక్కువ కాకుండా నెల వరకు జైలుకు పంపవచ్చు. మోసపుచ్చే ఉద్దేశంతో చేసిన ప్రయాణం వేరు. దానికి 137వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గాని, 1,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని ఉంటాయి. అడగగానే సొమ్ము చెల్లించిన మీకు ఆ ఉద్దేశాన్ని ఆపాదించడం కష్టం.

టీటీఈ ఇచ్చిన ఎక్సెస్ ఫేర్ రసీదులో ఏ స్టేషన్ నుంచి లెక్కించారో చూడండి. మీరు ఎక్కిన చోటుకు ఆధారం ఉంటే, ఆ రసీదు నకలు జతచేసి, ఎక్కువగా వసూలైన సొమ్ము తిరిగి ఇవ్వాలని సంబంధిత రైల్వే డివిజన్ వాణిజ్య విభాగానికి రాతపూర్వకంగా కోరండి. అసలు రసీదే ఇవ్వకపోతే, ఆ విషయాన్ని 139 నంబరుకు వెంటనే ఫిర్యాదు చేయండి.