టీడీఎస్ కట్ అయ్యాక కూడా అడ్వాన్స్ ట్యాక్స్ ఎందుకు?

ప్రశ్న: ఉద్యోగం మానేసి ఆన్‌లైన్‌లో అకౌంట్స్ పాఠాలు చెబుతున్నాను, ఇది రెండో ఏడాది. ఒక కోచింగ్ సంస్థకు లైవ్ క్లాసులు చెబితే 10 శాతం టీడీఎస్ కట్ చేసి ఇస్తారు. రికార్డెడ్ కోర్సు ఒక ప్లాట్‌ఫామ్‌లో అమ్ముతున్నాను, యూట్యూబ్ నుంచి కొంత వస్తుంది. ఒక నెల లక్షన్నర వస్తే ఇంకో నెల పాతిక వేలు కూడా రావు. ఏడాదికి ఎంత వస్తుందో నాకే తెలియనప్పుడు పన్ను ముందే ఎలా కట్టాలి? సగం లాభంగా చూపిస్తే సరిపోతుందని ఫ్రెండ్ అంటున్నాడు, నిజమేనా? రివ్యూ కోసం ఇచ్చిన ఫోన్‌కూ పన్ను ఉంటుందా?

జవాబు: టీడీఎస్ అంటే మీ పేరు మీద ప్రభుత్వానికి ముందుగా జమైన కొంత డబ్బు, అంతే. కోచింగ్ వాళ్లు తాము ఇచ్చిన దాంట్లో 10 శాతం జమ చేశారు, మీకు మిగతా చోట్ల నుంచి ఎంత వస్తుందో వాళ్లకేం తెలుసు. ఏడాది చివర అన్ని రాబడులూ కలిపి, ఖర్చులు తీసేసి, మిగిలిన లాభం మీద పన్ను లెక్కవేస్తారు. అందులోంచి టీడీఎస్ పోగా మిగిలింది మీరు కట్టాలి. అది 10,000 లేదా అంతకంటే ఎక్కువైతే వాయిదాల్లో ముందే కట్టాలి, దాన్నే అడ్వాన్స్ ట్యాక్స్ అంటున్నారు.

ముందు రాబడి సరిగ్గా తేల్చుకోండి, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ప్లాట్‌ఫామ్ మీ కోర్సు 1,000 రూపాయలకు అమ్మి, 200 కమిషన్ పట్టుకుని 800 మీ ఖాతాలో వేసిందనుకోండి. కోర్సు అమ్ముతున్నది మీరేనని, ప్లాట్‌ఫామ్ మధ్యవర్తి మాత్రమేనని ఒప్పందంలో ఉంటే మీ రాబడి 1,000, కమిషన్ మీ ఖర్చు. అలా కాకుండా కోర్సు ప్లాట్‌ఫామే అమ్ముకుని మీకు వాటా ఇస్తుందని రాసి ఉంటే, ఆ 800 మాత్రమే మీ రాబడి. లాభం రెండు పద్ధతుల్లోనూ ఒకటే వస్తుంది. కానీ ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ ఏఐఎస్, అంటే మీ పేరు మీద పన్ను శాఖకు చేరిన రాబడుల చిట్టా, తెరిస్తే అక్కడ 1,000 కనిపించి, మీ రిటర్న్‌లో 800 ఉంటే తేడా ఎందుకొచ్చిందని అడుగుతారు. కాబట్టి ఆ ఒప్పందం ఒకసారి పూర్తిగా చదవండి, మనలో చాలామంది చదవకుండానే "ఐ అగ్రీ" నొక్కేస్తాం.

మీ ఫ్రెండ్ చెప్పిన సగం లెక్క కొన్ని వృత్తులకే ఉంది. లాయర్లు, డాక్టర్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు వంటి వాళ్లు ఆ జాబితాలో ఉన్నారు, పాఠాలు చెప్పడం అందులో లేదు. అకౌంటెన్సీ బోధిస్తున్నాను కాబట్టి నేనూ అకౌంటెంటునే అనే వాదన నిలబడదు. మరికొందరు దీన్ని వ్యాపారంగా చూపించి, ఆన్‌లైన్‌లో వచ్చిన డబ్బులో 6 శాతమే లాభం అంటారు. బోధన వృత్తా వ్యాపారమా అన్న పేచీ ఎటూ ఉంది, పైగా నిజంగా 80 శాతం మిగులుతున్న మనిషి 6 శాతం అని రాసి సంతకం పెట్టడం నాకు నచ్చదు. మీకైతే అసలు ఖర్చుల లెక్క రాసుకోమనే చెబుతాను: ఎడిటర్‌కు ఇచ్చింది, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్ చందాలు, కమిషన్లు. లాప్‌టాప్ లాంటివి మాత్రం కొన్న ఏడాదే పూర్తిగా ఖర్చు రాయడం కుదరదు. కంప్యూటర్ మీద తరుగుదల ఏడాదికి 40 శాతం, ఆ ఏడాది 180 రోజులకంటే తక్కువ వాడితే అందులో సగం. నవంబరులో 80,000 పెట్టి కొన్న లాప్‌టాప్‌కు ఆ ఏడాది 16,000 మాత్రమే ఖర్చుగా వస్తుంది.

ఇక అసలు టెన్షన్ దగ్గరికి వద్దాం. వాయిదాలు నాలుగు: జూన్ 15కి మొత్తంలో 15 శాతం, సెప్టెంబరు 15కి 45, డిసెంబరు 15కి 75, మార్చి 15కి మొత్తం. ఏప్రిల్‌లోనే ఏడాది ఆదాయం చెప్పమని ఎవరూ అడగడం లేదు. ప్రతి తేదీకి ముందు ఓ సాయంత్రం కూర్చుని ఇప్పటిదాకా వచ్చింది, ఇక రాబోయేది కలిపి కొత్తగా అంచనా వేసి, ఆ అంచనా ప్రకారం కడితే చాలు.

ఉదాహరణకు జూన్‌లో మీ అంచనా లాభం 10 లక్షలు, సెప్టెంబరులో 11 లక్షలు అనుకుందాం. 2025–26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేట్ వల్ల పన్ను పడదు కాబట్టి రెండుసార్లూ ఏమీ కట్టలేదు. అక్టోబరు, నవంబరుల్లో పరీక్షల ముందు కోర్సు బాగా అమ్ముడుపోయింది. ఏడాది రాబడి 18 లక్షలు, ఖర్చులు 3 లక్షలు, లాభం 15 లక్షలని తేలింది. 12 లక్షలు దాటితే ఆ రిబేట్ పోయి 4 లక్షల పైనుంచి పన్ను లెక్కలోకి వస్తుంది (దాటింది కొద్దిగానే అయితే కాస్త ఊరట ఉంది). స్లాబుల ప్రకారం పన్ను 1,05,000, సెస్‌తో 1,09,200. కోచింగ్ వాళ్ల టీడీఎస్ 50,000 పోగా 59,200 మిగిలింది. డిసెంబరు 15లోపు అందులో 75 శాతం, అంటే 44,400, మార్చి 15లోపు మిగతా 14,800 కడతారు.

మరి జూన్, సెప్టెంబరు వాయిదాల సంగతి? అవి కట్టనందుకు వడ్డీ పడుతుంది, "నాకు ముందు తెలియదు" అంటే చట్టం వినదు. కానీ ఎంత పడుతుందో చూడండి. ఆ తేదీలకు తగ్గిన మొత్తం మీద నెలకు 1 శాతం చొప్పున మూడేసి నెలలకు, రెండూ కలిపి సుమారు 1,060 రూపాయలు. దీనికి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. అదే ఏమీ కట్టకుండా జులైలో రిటర్న్ వేసేటప్పుడు చూసుకుందాం అనుకుంటే, నాలుగు వాయిదాల వడ్డీతో పాటు ఏప్రిల్ నుంచి నెలనెలా ఇంకో 1 శాతం కలిసి 5,350 దాకా అవుతుంది. మొదటి ఏడాదే అయి ఉంటే, వ్యాపార ఆదాయం కొత్తగా వచ్చిందన్న కారణంతో, మిగిలిన వాయిదాల్లో పన్ను పూర్తిగా కట్టినవాళ్లకు ఆ వాయిదా వడ్డీ ఉండదు. మీది రెండో ఏడాది కాబట్టి అది వర్తించదు.

డిసెంబరులో ఒకేసారి 44,400 ఎక్కడినుంచి తేవాలి అంటారా, టీడీఎస్ కట్ కాని ప్రతి జమలో 10 శాతం అది వచ్చిన రోజే వేరే ఖాతాలోకి పంపేయండి. లక్షన్నర వచ్చిన నెల 15,000, పాతిక వేల నెల 2,500. మార్చి అయ్యాక మిగిలిందంతా మీదే.

ఫోన్ తిరిగి ఇచ్చేస్తే ఏ గొడవా లేదు. మీ దగ్గరే ఉంచుకుంటే దాని విలువ మీ వ్యాపార ఆదాయమే. ఒకరి నుంచి ఏడాదిలో అందుకున్న ఇలాంటి వస్తువుల విలువ 20,000 దాటితే ఇచ్చినవాళ్లు 10 శాతం టీడీఎస్ చూసుకోవాలి. కాబట్టి ఫోన్ ధర మీ ఏఐఎస్‌లో కనిపించే అవకాశం ఎక్కువ, రిటర్న్‌లోనూ చూపించండి.

మీరు అడగలేదు కానీ, 18 లక్షల రాబడి ఉన్నవాళ్లు జీఎస్టీ మీద కూడా కన్నేసి ఉంచాలి. సేవలకు పరిమితి 20 లక్షలు, అదీ ఖర్చులు తీసేయకముందు రాబడి మీద. విదేశీ కంపెనీ నుంచి వచ్చే ప్రకటనల డబ్బు సేవల ఎగుమతిగా లెక్కకొస్తే దాని మీద పన్ను సున్నానే, కానీ 20 లక్షల లెక్కలో అదీ కలుస్తుంది. దాటితే 30 రోజుల్లో రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టాలి. సెప్టెంబరు, డిసెంబరు అంచనాలు వేసేటప్పుడే ఈ అంకె కూడా పక్కన రాసుకోండి.