సైక్లింగ్ క్లబ్ నడపడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: నేను ఎంబీఏ మార్కెటింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒక సైకిళ్ల కంపెనీలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. వాళ్ల సైకిళ్లు కొన్నవాళ్లతో ఒక సైక్లింగ్ క్లబ్ నడపాలట. మా ఫ్రెండ్స్ "అది ఈవెంట్ల పని, దానివల్ల కెరీర్ రాదు" అంటున్నారు. చేరాలా వద్దా? చేరితే క్లబ్ వల్ల కంపెనీకి ఏం వచ్చిందో రేపు ఇంటర్వ్యూలో ఎలా చూపించాలి?

జవాబు: చేరండి. అయితే చేరే ముందు కంపెనీని ఒక్క విషయం అడగాలి. అదేమిటో చివర్లో చెబుతాను, ఎందుకంటే ముందు ఈ పని ఎలా ఉంటుందో తెలిస్తేనే ఆ ప్రశ్న విలువ అర్థమవుతుంది.

మీ ఫ్రెండ్స్ మాటలో కొంత నిజం ఉంది. రైడ్‌కి తేదీ వేసి, టీషర్టులు పంచి, ఫొటోలు పెట్టడమే పనైతే అది ఈవెంట్ల పనే. ఇలాంటి క్లబ్ నడిపే కమ్యూనిటీ మేనేజర్ అసలు పని రెండు రైడ్‌ల మధ్య ఉంటుంది. మొదటిసారి వచ్చిన మనిషి రెండోసారి వచ్చాడా, రాకపోతే ఎందుకు రాలేదు, వచ్చేవాళ్లకి ఒకరితో ఒకరికి పరిచయం కుదిరిందా అని చూసుకోవడమే ఆ పని. అందరికీ కంపెనీ తెలిసి, పక్కవాడు మాత్రం తెలియకపోతే మీ దగ్గర ఉన్నది కస్టమర్ల జాబితా. దాన్ని క్లబ్ అనలేం.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. హార్లీ డేవిడ్సన్ 1981లో పాత యజమాని చేతుల్లోంచి బయటపడి, గడ్డు రోజుల్లో ఉన్నప్పుడు, 1983లో తన బైకుల యజమానుల కోసం ఒక సంఘం పెట్టింది. దాని పేరు హార్లీ ఓనర్స్ గ్రూప్, పొట్టిగా హెచ్.ఓ.జి. అంటారు. ఊరూరా ఉన్న డీలర్లే శాఖలు నడిపేలా ఏర్పాటు చేశారు. అందులో నాకు నచ్చేది ఈ ఏర్పాటే. బైకు కొన్న మనిషికి కలిసి తిరగడానికి తోడు, ఆ తోడు దొరికే ఒక స్థిరమైన చోటు రెండూ దొరికాయి.

ఇక మీ పని దగ్గరికి వద్దాం. చేరిన మొదటి నెలలో ఎంతమంది వచ్చారన్న సంఖ్య వెంట పడకండి. ఒక రైడ్‌కి కొత్తగా 30 మంది వచ్చారనుకుందాం. వాళ్లలో రెండో రైడ్‌కి 12 మంది, మూడో రైడ్‌కి 9 మంది వచ్చారు. చాలామంది మొత్తం హాజరు చూసి సంతోషపడతారు. ఈ అంకెల్లో మీరు చూడాల్సింది మొదటి రైడ్‌కి, రెండో రైడ్‌కి మధ్య జారిపోయిన 18 మందిని. రెండోసారి వచ్చినవాళ్లలో చాలామంది మూడోసారీ వచ్చారు. కాబట్టి లోపం మొదటి రోజు అనుభవంలోనే ఉంది.

సైక్లింగ్‌లో ఆ లోపం ఎక్కువగా వేగం దగ్గరే వస్తుంది. పాతవాళ్లు ముందుకి దూసుకుపోతారు. కొత్త మనిషి పది కిలోమీటర్లు దాటేసరికి ఒంటరిగా మిగిలిపోతాడు. అతనికి దారి తెలియదు, టైరు పంక్చరైతే మార్చడం రాదు. ఇంటికి వెళ్లాక ఎవరి మీదా ఫిర్యాదు చేయడు, మళ్లీ రాడు అంతే. అందుకే కొత్తవాళ్ల రైడ్‌ని వేరుగా పెట్టి, ఎంత దూరమో, ఎంత వేగమో ముందే రాసి చెప్పాలి. ఇరవై కిలోమీటర్లకి మించకపోవడం మంచిది. అందరికంటే వెనక ఒక అనుభవజ్ఞుడు ఉండాలి. రైడర్లు అతన్ని స్వీప్ అంటారు. ఎవరినీ వెనక వదిలి రాకుండా చూడటమే అతని పని. స్వీప్‌గా ఎవరిని పెడతారన్న దాని మీదే క్లబ్ భవిష్యత్తు చాలావరకు ఆధారపడుతుందని నా నమ్మకం. బాగా తొక్కేవాణ్ణి కాకుండా ఓపికగా మాట్లాడేవాణ్ణి పెట్టండి. కొత్తవాళ్లు జంకి జారిపోవడం వంట గ్రూప్‌లో అయినా ఇంతే. చేయి తిరిగినవాళ్లు పెట్టే ఫొటోలు చూసి, నిన్ననే చేరిన మనిషి తన మాడిపోయిన వంట గురించి అడగడానికి జంకుతాడు. "ఈ వారం చెడిపోయిన వంట" అని ఒక రోజు కేటాయిస్తే మౌనంగా ఉన్నవాళ్లు బయటికి వస్తారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. క్లబ్ తిరిగి ఏం ఇస్తుందన్న దగ్గరే ఈ రంగంలో ఎక్కువమంది పొరబడతారు. ఆరు నెలల తర్వాత మీరు ఇలాంటి లెక్క వేస్తారనుకుందాం: క్లబ్ సభ్యుల్లో నూటికి 60 మంది ఈ ఆరు నెలల్లో మళ్లీ షోరూమ్‌కి వచ్చి ఏదో ఒకటి కొన్నారు, సభ్యులు కాని కస్టమర్లలో నూటికి 30 మందే కొన్నారు. కాబట్టి క్లబ్ వల్ల అమ్మకాలు రెట్టింపయ్యాయి. స్లయిడ్ మీద ఇది చాలా అందంగా కనిపిస్తుంది, కానీ తప్పు. సైకిలంటే ప్రాణం పెట్టేవాళ్లే క్లబ్‌లో చేరతారు. వాళ్లు క్లబ్ లేకపోయినా ఎక్కువే కొనేవాళ్లు. యూరప్‌లోని కార్ల క్లబ్‌ల మీద 2005లో ప్రచురితమైన ఒక పేరున్న అధ్యయనం కూడా ఇదే వైపు చూపించింది. బ్రాండ్‌తో అప్పటికే గట్టి బంధం ఉన్నవాళ్లే ఆ క్లబ్‌ని తమదిగా భావించుకుంటారు.

మరి సరైన లెక్క ఎలా? ఆ సభ్యుల్లోనే క్లబ్ పుట్టకముందు ఏడాది ఇవే ఆరు నెలల్లో ఎంతమంది కొన్నారో బిల్లుల్లో వెతకండి. నూటికి 50 అని తేలిందనుకుందాం. సభ్యులు కానివాళ్లలో అప్పుడు నూటికి 28. అంటే సభ్యుల్లో పెరుగుదల 10, బయటివాళ్లలో 2. ఆ 2 క్లబ్‌తో సంబంధం లేకుండా మార్కెట్‌లో వచ్చిన పెరుగుదల అనుకోవచ్చు. అది తీసేస్తే క్లబ్ వంతుకి మిగిలేది నూటికి 8 మంది. ముందు లెక్కలో తేడా 30, ఇప్పుడు తేలింది 8. దీనికి నిరాశపడకండి. క్లబ్‌కి పెట్టిన జీతం, గంటలు, రిఫ్రెష్‌మెంట్ల ఖర్చు లెక్కేసి, ఈ 8 మంది కొనుగోళ్ల మీద మిగిలే లాభంతో పోల్చి చూడండి. లాభం ఎక్కువైతే క్లబ్ నిలబడుతుంది. అమ్మకం మొత్తంతో పోల్చకండి, లాభంతోనే పోల్చాలి. ఇక్కడ తడబడే అభ్యర్థులు చాలామంది ఉంటారు.

ఈ 8 కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. మనిషికి సైకిల్ మీద ఆసక్తి పెరుగుతున్న రోజుల్లోనే క్లబ్‌లో చేరతాడు కాబట్టి, ఆ పెరుగుదలలో కొంత ఎలాగూ వచ్చేదే. దీన్ని తేల్చుకోవడానికి ఒక మంచి దారి ఉంది. కొత్తవాళ్లకి ఎనిమిది వారాల శిక్షణ బ్యాచ్ పెట్టండి. సీట్లు 40 ఉండి 80 మంది పేరిచ్చారనుకోండి, ముందొచ్చినవాళ్లకి ఇవ్వకుండా చీటీలు తీయండి. మిగతా 40 మందికి తర్వాతి బ్యాచ్‌లో సీటు ఖాయమని చెప్పండి. రెండు గుంపుల ఆసక్తీ ఒకటే, తేడా అదృష్టానిదే. రెండో బ్యాచ్ మొదలయ్యేలోపు రెండు గుంపుల కొనుగోళ్లు పోల్చితే క్లబ్ చేసిన పని కనిపిస్తుంది. అయితే 40 మంది చాలా చిన్న గుంపు. తేడా ముగ్గురు నలుగురే అయితే అది యాదృచ్ఛికం కావచ్చు, దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోకండి. మూడు నాలుగు బ్యాచ్‌ల లెక్కలు కలిపాకే మాట్లాడండి.

అమ్మకాల్లో కనిపించని రాబడి కూడా ఒకటి ఉంటుంది. నా దృష్టిలో చాలాసార్లు ఇదే ఎక్కువ విలువైనది. కొత్త మోడల్ వెనక క్యారియర్ స్క్రూలు వందల కిలోమీటర్ల తర్వాత వదులవుతున్నాయనుకోండి. మామూలు కస్టమర్ ఏ మెకానిక్ దగ్గరో బిగించుకుని మర్చిపోతాడు. క్లబ్‌లో అదే మాట ఒకే వారంలో నలుగురి నోట వినిపిస్తుంది. వారంటీ ఫిర్యాదులు గుట్టలు పడకముందే డిజైన్ వాళ్లకి తెలుస్తుంది. మీరు విన్న ప్రతి లోపానికీ తేదీ, ఎంతమంది చెప్పారు, ఎవరికి పంపారు, తర్వాత ఏం మారింది అని ఒక షీట్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూలో ఆ షీట్ తెరిచి చూపించగలిగితే మీరు పెద్దగా వాదించాల్సిన పని ఉండదు.

క్లబ్‌ని చెడగొట్టే పనులు రెండే చెబుతాను. ఒకటి, సభ్యత్వానికి పెద్ద డిస్కౌంట్ కట్టడం. అప్పుడు రిజిస్ట్రేషన్లు ఒక్కసారిగా పెరుగుతాయి, రైడ్‌లకి వచ్చేవాళ్లు మాత్రం పెరగరు. ఈ రెండు గీతలూ విడిపోవడం చూస్తే మీకు వచ్చింది డిస్కౌంట్ కోసం చేరినవాళ్లని అర్థం. రెండోది, ఒత్తిడి. "ప్రతి సభ్యుడూ మా సైకిలే తొక్కాలి", "నెలకి ఇద్దరిని తీసుకురావాలి" లాంటి నియమాలు పెట్టడం. నేను చెప్పిన కార్ల క్లబ్‌ల అధ్యయనంలోనే ఈ హెచ్చరిక ఉంది. ఇలా చేయాలి, అలా ఉండాలన్న ఒత్తిడి పెరిగేకొద్దీ మనుషుల్లో ఎదురు తిరిగే భావం పుడుతుంది. వేరే కంపెనీ సైకిల్ మీద వచ్చినవాణ్ణి కూడా ఆదరించండి. అతని తర్వాతి సైకిల్ మీది కావచ్చు, కాకపోయినా మీ పాత సభ్యుడికి అతను మంచి తోడు కావచ్చు.

ఇక ఆ ప్రశ్న. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు మీ మేనేజర్‌ని ఇలా అడగండి: "క్లబ్‌లో చేరినవాళ్ల కొనుగోళ్లు, చేరకముందువి కూడా, నేను చూడటానికి వీలుంటుందా? ఫోన్ నంబర్లూ పేర్లూ తీసేసి ఇచ్చినా చాలు." అవునంటే, మొదటి వారంలోనే క్లబ్ పుట్టకముందు ఏడాది లెక్క తీసి పెట్టుకోండి. తర్వాత ఆ అంకె ఎవరూ వెతికి ఇవ్వరు. కాదంటే ఆగిపోవాల్సిన పని లేదు. మొదటి రైడ్ నుంచి మూడో రైడ్ దాకా ఎంతమంది నిలిచారన్న లెక్క, లోపాల షీట్ మీ చేతిలోనే ఉంటాయి. ఆరు నెలల్లో ఆ రెండో రైడ్‌కి వచ్చే 12 మందిని 18కో, 20కో తీసుకెళ్లి, అందుకు ఏం మార్చారో రాసి పెట్టుకోండి.