రీట్ యూనిట్లపై వచ్చే సొమ్ము, ఫ్లాటు అద్దె

ప్రశ్న: మాది బరంపురం. ఈమధ్యే రిటైరయ్యాను. విశాఖలో 40 లక్షలకు ఫ్లాటు కొని అద్దెకిద్దామనుకుంటే, మా అబ్బాయి రీట్‌లలో పెట్టమంటున్నాడు. అందులో అద్దె మన చేతికి ఎలా వస్తుంది? సొంత ఫ్లాటుకూ దానికీ తేడా ఏమిటి?

జవాబు: కార్యాలయ భవనాలను, మాల్స్‌ను అద్దెకిచ్చే ట్రస్టే రీట్. దాని యూనిట్లను డీమ్యాట్ ఖాతా ద్వారా షేర్ల మాదిరిగానే కొనవచ్చు, అమ్మవచ్చు. మన దేశంలో మొదటి రీట్ 2019లో లిస్టయింది. పంచదగిన నగదులో కనీసం 90 శాతాన్ని ఆరు నెలలకొకసారైనా యూనిట్‌దారులకు పంచాలన్నది సెబీ నిబంధన. ఆచరణలో మూడు నెలలకొకసారి పంచుతున్నారు.

అయితే అద్దె నేరుగా మీ ఖాతాకు రాదు. భవనం సాధారణంగా ట్రస్టు కింద ఉండే ఒక కంపెనీ పేరిట ఉంటుంది. ఆ కంపెనీ అద్దె వసూలు చేసి, ఖర్చులు, బ్యాంకు బాకీలు పోగా మిగిలినదానిని ట్రస్టు తనకిచ్చిన అప్పుపై వడ్డీగా, డివిడెండుగా, అప్పు అసలు చెల్లింపుగా పైకి పంపుతుంది. మీకూ ఆ రూపాల్లోనే అందుతుంది. పన్ను లెక్కంతా ఈ విభజన మీదే ఆధారపడుతుంది కనుక ప్రతిసారీ ట్రస్టు పంపే వివరాల పత్రాన్ని తప్పక భద్రపరచండి.

ఒక ఊహాలెక్క చూద్దాం. 400 రూపాయల చొప్పున 1,000 యూనిట్లు కొన్నారు, త్రైమాసికానికి యూనిట్‌కు 6 రూపాయలు పంచారు అనుకుందాం. అందులో వడ్డీ 2.50, డివిడెండు 1.50, అసలు చెల్లింపు 2 రూపాయలు. వడ్డీ 2,500 మీ శ్లాబు ప్రకారం పన్ను పడే ఆదాయం. దానిపై 10 శాతం, అంటే 250 రూపాయలు, టీడీఎస్‌గా కోస్తారు. కంపెనీ తక్కువ రేటు పన్ను విధానాన్ని ఎంచుకోకపోతే డివిడెండుపై మీకు పన్ను లేదు. అసలు చెల్లింపు 2 రూపాయలపై ఇప్పుడు పన్ను పడకపోయినా, మీ కొనుగోలు ధర 398కి తగ్గినట్టు లెక్క. ఇలా ఏడాది గడిచాక అదే 400కు అమ్మినా, యూనిట్‌కు 8 రూపాయలు లాభంగా చూపాల్సి వస్తుంది.

ఇక ఫ్లాటు. నెలకు 12,000 అద్దె అనుకుంటే, రెండు నెలలు ఖాళీగా ఉన్న ఏడాదిలో వచ్చేది 1,20,000. మెయింటెనెన్సుకు 24,000, ఇంటిపన్నుకు 6,000 తీసేస్తే 90,000 మిగులుతుంది. 40 లక్షల మీద అది రెండుంపావు శాతం. మరమ్మతులు, రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. బరంపురం నుంచి వెళ్లి అద్దెదారును వెతుక్కోవడమూ మీ పనే. కానీ ఫ్లాటు అద్దెకు 30 శాతం ప్రామాణిక తగ్గింపు ఉంది, రీట్ వడ్డీకి అది లేదు. ఎప్పుడు అమ్మాలో, ఎవరికి ఇవ్వాలో కూడా మీ చేతిలోనే ఉంటుంది.

రీట్‌లో అసలు ప్రమాదం ధర. పెద్ద అద్దెదారు ఖాళీ చేసినా, వడ్డీరేట్లు పెరిగినా యూనిట్ ధర పడిపోవచ్చు. కాబట్టి ఎంత శాతం స్థలం అద్దెలో ఉంది, లీజులు సగటున ఇంకా ఎన్నేళ్లు మిగిలాయి, ఆస్తుల విలువలో అప్పు ఎంత అన్నవి త్రైమాసిక నివేదికలో చూడండి. అప్పు సెబీ పరిమితి అయిన 49 శాతానికి దగ్గరవుతుంటే నేనైతే ఆగుతాను. ఇంటి ఖర్చులకు కావలసిన సొమ్మును ముందుగా సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో ఉంచి, ఐదారేళ్లు కదిలించనక్కరలేని నాలుగైదు లక్షలనే రెండు రీట్‌లలో పెట్టండి.