ముఖం ఎవరిదో వాళ్లనే అడుగు

చిరంజీవి సురేష్‌కి,

మామయ్య ఆశీస్సులు. స్టూడియో తెరిచావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కెమెరా సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. ఎడిటింగ్‌లో ఎవర్ని ఎప్పుడు అడగాలో మాత్రం దెబ్బ తిని నేర్చుకున్నా, అందుకే ఈ ఉత్తరం.

మొటిమ తీసెయ్, అది వారంలో పోయేదే. గ్రూపు ఫొటోలో ఎవరో పెద్దావిడ కళ్లు మూసుకుంటే, పక్క ఫ్రేములోంచి ఆవిడ కళ్లే తెచ్చి పెట్టు. వీటికి అడగక్కర్లేదు. ఒంటి రంగు, ముక్కు, నడుము, పుట్టుమచ్చ అలా కాదు. పుట్టుమచ్చ టెన్త్ సర్టిఫికెట్‌లో గుర్తుగా రాసేది! ఒకసారి ఆల్బమ్ మొత్తానికి ఒకే ప్రీసెట్ వేసేశాను. చామనఛాయ పెళ్లికూతురు పాలరంగుకి వచ్చింది, బుగ్గ మీద మచ్చ పోయింది. ఆ అమ్మాయి రెండు పేజీలు తిప్పి, "అంకుల్, ఈవిడెవరు?" అంది. మళ్లీ ప్రింట్ ఖర్చు నాదే. అప్పట్నుంచి ఒక్క ఫొటో చేసి, అసలుదీ మార్చిందీ పక్కపక్కన పెట్టి వాట్సాప్‌లో పంపుతాను. సరే అన్నాకే మిగతావి.

పంపేది ఎవరికన్నదే చిక్కు. డబ్బులిచ్చేది నాన్న, ఫొటోలో ఉండేది కూతురు. సంబంధాల ఫొటోకి "కాస్త తెల్లగా చెయ్యి బాబూ" అని తల్లి అడిగితే, అమ్మాయి నంబరు తీసుకుని నువ్వే అడుగు. ఆవిడ పక్కన కూర్చుని ఉండగా అడిగితే అమ్మాయి కాదనలేదు.

పోయినవాళ్లని పెళ్లి ఫొటోలో నిలబెట్టమని కూడా వస్తారు. ఒక బాబాయి సర్‌ప్రైజ్ అంటూ చేయించాడు. పెళ్లికూతురి పోయిన నాన్న ముఖాన్ని పాస్‌పోర్టు ఫొటోలోంచి తీసి, పట్టుపంచె కట్టి, ఆమె పక్కన నిలబెట్టాను. వెలుతురు కూడా బాగా కుదిరింది. వాళ్లమ్మ చూసి, "ఆయన పంచె ఎప్పుడు కట్టారు?" అని ఆల్బమ్ మూసేసింది. భార్యనీ పిల్లల్నీ ముందే అడగాల్సింది.

ముఖం మార్పిడికైతే ఇద్దరి ఒప్పుకోలు కావాలి. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని వేరే అమ్మాయి వీడియోకి అతికించి వదిలారు. ఆ రెండో అమ్మాయినీ ఎవరూ అడగలేదు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న కుర్రాడు మన ఆంధ్రావాడే. ఫాలోవర్ల కోసం చేశాడట. నీ దగ్గరికీ ఎవడో ఇన్‌స్టాలో దొరికిన అమ్మాయి ఫొటో తెచ్చి "నా పక్కన పెట్టన్నా, ఫ్రెండే, సరదాకి" అంటాడు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఇమ్మను. నసిగితే పంపించెయ్, ఆ ఫొటో నీ సిస్టమ్‌లోకి ఎక్కించుకోకు.

అసలు ఫైళ్లు మాత్రం వేరే డ్రైవ్‌లో ఉంచు. ఆ చామనఛాయ అమ్మాయి ఆల్బమ్ మళ్లీ చెయ్యగలిగానంటే అవి ఉండబట్టే.

మీ మామయ్య