మొదటి అప్పీలు పంపాక లెక్క పెట్టవలసిన రోజులు: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన జిరాక్సు ప్రతులు అందాయి. మీ పొలం పాత సర్వే కొలతల రికార్డు, అంటే టిప్పన్, నకలు కోసం తహసీల్దారు కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టావు. జవాబు రాకపోవడంతో ఆర్డీవో గారికి మొదటి అప్పీలు చేశావు. దానికీ ఉలుకూ పలుకూ లేదని అదే అప్పీలును ఆగస్టులో ఒకసారి, సెప్టెంబరులో మరొకసారి మళ్లీ పంపావు. ఇలా మూడుసార్లు పంపినందువల్ల కేసు చెడిపోయిందా అని అడిగావు. చెడిపోలేదు. అయితే ఇంకొంతకాలం ఇలాగే ఎదురుచూస్తే మాత్రం చెడిపోయే ప్రమాదం ఉంది. ఎందుకో వివరంగా రాస్తున్నాను.

ముందు తేదీలు చూద్దాం. నీ దరఖాస్తు 2025 జూన్ 2న అందినట్లు రసీదు ఉంది. చట్టం ప్రకారం జవాబుకు 30 రోజులు గడువు, అంటే జూలై 2. ఆ తర్వాత మరో 30 రోజులలోగా మొదటి అప్పీలు చేసుకోవాలి. నీ అప్పీలు జూలై 14న చేరింది కనుక అది సకాలంలోనే ఉంది. దానిపై ఆర్డీవో 30 రోజులలో, అంటే ఆగస్టు 13లోగా నిర్ణయం చెప్పాలి. కారణాలు రాతపూర్వకంగా నమోదు చేస్తే ఆ గడువును 45 రోజుల వరకు, అంటే ఆగస్టు 28 వరకు పొడిగించుకోవచ్చు. అక్కడి నుంచి రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు చేయడానికి 90 రోజులు ఉంటుంది. ఈ 90 రోజులు నిర్ణయం అందిన రోజు నుంచి మొదలవుతాయి, లేదా నిర్ణయం రావలసి ఉండి రాని రోజు నుంచి మొదలవుతాయి. గడువు పొడిగించినట్లు నీకు ఏ కాగితమూ రాలేదు కాబట్టి ఆగస్టు 13 నుంచే లెక్క వేసుకోవడం క్షేమం. ఆ లెక్కన నవంబరు 11తో గడువు తీరిపోతుంది. నువ్వు ఆగస్టులో, సెప్టెంబరులో పంపిన ప్రతులు ఈ గడువును ఒక్క రోజు కూడా పొడిగించవు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవమే కారణం. ఉద్యోగ విరమణ తర్వాత ఒక కార్యాలయంలో నా సొంత సర్వీసు కాగితాల కోసం ఇలాగే మొదటి అప్పీలు చేసి, ఈ వారం వస్తుంది, వచ్చే వారం వస్తుంది అనుకుంటూ అప్పీలును గుర్తుచేస్తూ జ్ఞాపిక మీద జ్ఞాపిక పంపాను. నాలుగవ జ్ఞాపిక పంపిన తర్వాత క్యాలెండరు చూసుకుంటే 90 రోజులు దాటిపోయి పన్నెండు రోజులయింది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. క్షమాపణ పత్రం జతచేసి పంపాను, స్వీకరించారు. అది వారు మన్నించడం వల్ల జరిగింది కానీ నా హక్కుగా జరగలేదు. నీకు ఆ పరిస్థితి రాకూడదు.

ఇక అప్పీలు ఎక్కడుందో తెలుసుకునే సంగతి. స్పీడ్ పోస్టు రసీదు మీద ఉండే పదమూడు అక్షరాల నంబరుతో తపాలా శాఖ వెబ్‌సైట్లో కవరు చేరిన తేదీ కనిపిస్తుంది. కనిపించిన రోజే ఆ పేజీని ప్రింటు తీసి దాచుకో. అయితే కవరు చేరిందంటే ఫైలు మొదలైందని అర్థం కాదు. ఆర్డీవో కార్యాలయంలో తపాలు తీసుకునే గుమాస్తా దగ్గరకు స్వయంగా వెళ్లి, ఫలానా తేదీన చేరిన నా అప్పీలుకు ఇన్‌వర్డ్ నంబరు ఎంత, ఏ సెక్షన్‌కు వెళ్లింది అని అడుగు. అప్పీలు ఎంతవరకు వచ్చింది అని అడిగితే ‘పరిశీలనలో ఉంది’ అనే మాట తప్ప మరొకటి రాదు. నంబరు అడిగితే రిజిస్టరు తెరవక తప్పదు. నంబరు దొరికాక సెక్షన్ గుమాస్తాను ఒక్క ప్రశ్న అడుగు: తహసీల్దారు నుంచి నివేదిక కోరుతూ లేఖ వెళ్లిందా, వెళితే ఏ తేదీన? వెళ్లలేదంటే ఫైలు ఇంకా బల్ల మీదనే ఉందన్నమాట. కేంద్ర ప్రభుత్వ శాఖలైతే rtionline.gov.in లో రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి స్థితి చూసుకోవచ్చు కానీ, ఆ పోర్టల్ రాష్ట్ర కార్యాలయాలకు పనికిరాదు. అక్కడ పెట్టిన రాష్ట్ర దరఖాస్తు తిరిగి వస్తుంది.

జవాబులు ఆలస్యం కావడానికి అన్నిసార్లూ దురుద్దేశమే కారణమని అనుకోకు. టిప్పన్ వంటి పాత సర్వే రికార్డు చాలాచోట్ల తహసీల్దారు బీరువాలో ఉండదు, సర్వే, భూమి రికార్డుల శాఖ దగ్గర ఉంటుంది. రెండు కార్యాలయాల మధ్య లేఖలు తిరగడంలోనే వారాలు గడుస్తాయి. దీనికి తోడు చట్టంలోనే ఒక లోపం ఉంది. సమాచారం ఇవ్వని పౌర సమాచార అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు కానీ, మొదటి అప్పీలును పక్కన పడేసిన అధికారికి ఆ నిబంధన కింద ఏ జరిమానా లేదు. అందుకే ఈ మెట్టు దగ్గర నిశ్శబ్దం ఎక్కువ. కమిషన్ మెట్టు దగ్గర మరొక చిక్కు ఉంది. రెండవ అప్పీలును ఇన్ని రోజులలో తేల్చాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. పైగా మన తెలంగాణ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు కమిషనర్లే లేక విచారణలు ఆగిపోయాయి. ఆ కాలంలో చేరి ఇంకా తేలని అప్పీళ్లు నీ కంటే ముందు వరుసలో ఉన్నాయి. కాబట్టి కమిషన్‌కు పంపిన నెలకే విచారణ నోటీసు రాలేదని కంగారుపడకు.

మళ్లీ మళ్లీ పంపడం గురించి నేను సెక్షన్‌లో కూర్చుని చూసిన సంగతి చెబుతాను. ఒక పెద్దాయన ఒకే అప్పీలును తేదీ మాత్రం మార్చి ఐదుసార్లు పంపాడు. ఐదింటికీ ఐదు ఇన్‌వర్డ్ నంబర్లు పడ్డాయి, రెండు వేర్వేరు సెక్షన్లకు వెళ్లాయి. ఒకచోట నివేదిక వచ్చింది, మరొకచోట రాలేదు. నివేదిక వచ్చిన ఫైల్లో అసలు దరఖాస్తు ప్రతి లేదు, దరఖాస్తు ప్రతి ఉన్న ఫైల్లో నివేదిక లేదు. ఆయన అడిగినది న్యాయమే అయినా, ఐదు కాగితాలను ఒక చోట చేర్చడానికే రెండు నెలలు పట్టింది. చట్టం ఆయనను శిక్షించలేదు, తన కాగితాలే ఆయనకు అడ్డుపడ్డాయి. ముఖ్యమంత్రి కార్యాలయానికి, కలెక్టరుకు పంపే నకళ్లదీ అదే దారి. ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి అవి చివరకు అదే ఆర్డీవో బల్ల మీదకు చేరతాయి.

జ్ఞాపిక పంపడం తప్పు కాదు. పైన ‘జ్ఞాపిక’ అని రాసి, మొదటి అప్పీలు తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేసి, కొత్త విషయం ఏమీ చేర్చకుండా నాలుగు వాక్యాలలో ముగించాలి. అప్పుడది పాత ఫైలులోకే వెళుతుంది.

ఇప్పుడు నువ్వు చేయవలసినది ఇది. ఆర్డీవోకు ఇంకేమీ పంపకు. అక్టోబరు నెలాఖరులోగా రెండవ అప్పీలు సిద్ధం చెయ్యి. దానిలో తేదీల వరుస రాస్తూ, ఆగస్టు, సెప్టెంబరు ప్రతులు జూలై 14 నాటి అప్పీలుకు జ్ఞాపికలు మాత్రమేనని ఒక వాక్యం స్పష్టంగా రాయి. దరఖాస్తు, మొదటి అప్పీలు, రెండింటి రసీదులు, చేరినట్లు తీసిన ప్రింటు జతచేసి, ప్రతి పేజీ మీద సంతకం చేసి, ముందు ఒక సూచిక పెట్టు. ఒక్క ప్రతి తక్కువైనా తిప్పి పంపవచ్చు, అప్పుడు నీ వరుస పోతుంది. తహసీల్దారుకు, ఆర్డీవోకు కూడా ఒక్కొక్క ప్రతి పంపి ఆ రసీదులు ఉంచుకో. కమిషన్ ఇచ్చే నంబరును తర్వాతి ప్రతి కాగితం మీద వెయ్యి. నీ చిరునామాగానీ ఫోనుగానీ మారితే ఆ నంబరుతోనే వెంటనే తెలియజెయ్యి. విచారణ నోటీసు పాత ఇంటికి వెళ్లి, నువ్వు లేకుండానే కేసు ముగిసిన సందర్భాలు నాకు తెలుసు.

పోస్టు చేసే ముందు మొత్తం కట్టను జిరాక్సు తీసి నాకు పంపు. తేదీలు నేను ఒకసారి సరిచూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య